తాతయ్య నమలగలిగే ఆమ్లెట్

పోయిన నెల తాతయ్యకి కింది వరసలో నాలుగు పళ్లు తీశారు. చిగుళ్లు మానేదాకా ఉండటానికి అమ్మమ్మా ఆయనా పామర్రు నుంచి మొగల్రాజపురంలోని మా ఇంటికి వచ్చేశారు. డాక్టరుగారు మెత్తటి తిండి పెట్టమన్నారు. అప్పటికే మనిషి బాగా తగ్గిపోయారు, రోజుకి రెండు గుడ్లయినా లోపలికి వెళ్లాలి అని గట్టిగా చెప్పారు. పొద్దున్నే ఇంట్లో తీరిగ్గా ఉండేది నేనొక్కదాన్నే. అలా గుడ్ల డ్యూటీ నా మీద పడింది.

ఆమ్లెట్ వేయడం నాకు చెప్పేదేముంది అనుకున్నా. మా వీధి చివర బండి దగ్గర చూసి చూసి నేర్చుకున్నదే. స్టీలు గ్లాసులో గుడ్లు కొట్టి, చెంచాతో నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, పెనం మీద నూనె పొగలొచ్చాక జుయ్యిమని పోసేశా. అంచులు కరకరలాడుతూ, మధ్యలో ఎర్రటి మచ్చలతో ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునేలా వచ్చింది. తాతయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు.

“బావుందే అమ్మాయ్. కానీ ఇది చెప్పుల షాపులో కొన్నావా?”

నవ్వుకున్నాం. రెండో రోజు కూడా అదే తంతు. మూడో రోజు ప్లేటు పక్కకి జరిపి “ఆకలి లేదులే” అన్నారు. ఆకలి లేక కాదని అమ్మమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

సరే అయితే సగం ఉడికించి జారుడుగా ఇచ్చేద్దాం అనుకుంటారేమో, నేనూ అదే అనుకున్నా. కానీ ముసలివాళ్లకీ, చిన్నపిల్లలకీ, గర్భిణులకీ పచ్చిగా జారే గుడ్డు పెట్టకూడదు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. మనకి రెండు రోజుల విరేచనాలతో పోయేది వాళ్లని ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. కలిపి కొట్టిన గుడ్డు లోపల 71 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ భయం ఉండదు. అంటే నాకు కావాల్సింది పూర్తిగా ఉడికిన గుడ్డు, కానీ చిగుళ్లతో నొక్కితే విడిపోయే గుడ్డు. ఈ రెండూ ఒకేచోట దొరుకుతాయా అన్నదే అసలు ప్రశ్న.

దొరుకుతాయి. ఎలాగో చెప్పాలంటే ముందు పెనంలో ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. పెంకు తీసేస్తే గుడ్డులో మూడొంతుల వరకూ నీరే. మిగతా దాంట్లో ఉన్న ప్రోటీన్లని చుట్టిన దారపు ఉండలు అనుకోండి. వేడి తగలగానే ఆ ఉండలు విప్పుకుంటాయి, ఒకదానితో ఒకటి చిక్కుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వల కళ్లలో నీరు నిలబడుతుంది. మెత్తటి గుడ్డు అంటే అదే, నీటిని పట్టుకున్న వదులు వల. ఇంకా వేడి చేస్తూ పోతే వల బిగుసుకుంటుంది. తడి బట్టని పిండినట్టు నీళ్లు బయటికి వచ్చేస్తాయి. ప్లేటులో పొరటు చుట్టూ పల్చటి నీళ్లు కనిపిస్తే, నోట్లో ముక్క కిచకిచమంటే, వల బిగిసిపోయిందని అర్థం.

ఈ బిగుసుకోవడం ఎప్పుడు జరుగుతుందో కూడా తెలిసిన విషయమే. తెల్లసొన సుమారు 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 నుంచి 70 మధ్య గట్టిపడుతుంది. తెల్లసొనలో సగానికి పైగా ఉండే ముఖ్యమైన ప్రోటీన్ మాత్రం 80 డిగ్రీల దాకా ఆగుతుంది, అది దాటితే గట్టిగా బిగుస్తుంది. అంటే 71కీ 80కీ మధ్య చిన్న సందు ఉంది. తాతయ్య ఆమ్లెట్ ఆ సందులో ఉండాలి. నేను పొగలొచ్చే నూనెలో పోస్తున్నా. ఆ పెనం 200 డిగ్రీలు దాటి ఉంటుంది. గుడ్డు ఆ సందులోంచి రెండు మూడు సెకన్లలో దూసుకుపోతోంది. నేనేమో అంచులు చూసి మురిసిపోతున్నా.

కాబట్టి మొదట మార్చింది మంట. స్టవ్ మీద చిన్న బర్నర్, అదీ సిమ్‌లో. పెనం కూడా మార్చా. మన దోసెల ఇనప పెనం వేడిని పట్టుకుని కూర్చుంటుంది, మంట తగ్గించినా మాట వినదు. పల్చటి నాన్‌స్టిక్ పెనం అయితే మంట ఎంతంటే అంతే వేడి. థర్మామీటర్ ఏమీ కొనలేదు, వెన్నే థర్మామీటర్. పెనం మీద ఒక చెంచా వెన్న వేస్తే కరిగి సన్నగా నురగలు రావాలి, రంగు మాత్రం మారకూడదు. నురగ వస్తోందంటే వెన్నలో ఉన్న నీరు ఆవిరవుతోంది, అంటే 100 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు. గోధుమ రంగుకి తిరిగి ఘుమఘుమలాడితే దాటిపోయినట్టు. అప్పుడు పెనం దించి ఒక నిమిషం ఆగాలి. ఇంట్లో వెన్న లేకపోతే వేరుశెనగ నూనెకి ఈ సౌకర్యం లేదు, అది ఏమీ చెప్పదు. అప్పుడు చెంచాతో గుడ్డు ఒక చుక్క వేసి చూడండి. చప్పుడు చేయకుండా నెమ్మదిగా తెల్లబడితే సరిగ్గా ఉంది. జుయ్యిమని బుడగలొస్తే వేడి ఎక్కువ.

ఆ చప్పుడు మనకి చిన్నప్పటి నుంచీ ఇష్టం. వంటింట్లో ఆ శబ్దం లేకపోతే అసలు ఏదో వండుతున్నట్టే అనిపించదు. మొదటిసారి సిమ్‌లో గుడ్డు పోసినప్పుడు ఏ శబ్దమూ రాలేదు. అమ్మమ్మ వచ్చి గ్యాస్ అయిపోయిందేమోనని సిలిండర్ ఊపి చూసింది.

మంట తగ్గించాక తాతయ్య సగం తిన్నారు. సగమే. రెండో చిక్కుముడి ఉప్పు దగ్గర ఉందని తర్వాత తెలిసింది.

ఉప్పు గురించి మీరు కూడా రెండు రకాల మాటలు వినే ఉంటారు. గోర్డన్ రామ్సే స్క్రాంబుల్డ్ ఎగ్స్ వీడియో చూడనివాళ్లు తక్కువ. పెనాన్ని మంట మీదికీ పక్కకీ మారుస్తూ, చివర్లో ఉప్పు వేస్తాడు. ముందే వేస్తే గుడ్డు పల్చనవుతుందని ఆ పద్ధతివాళ్ల వాదన. మా అమ్మ కూడా ముందే వేస్తే గట్టిపడుతుందనే అంటుంది. నేను ఇద్దరినీ పక్కన పెట్టి, కిరాణా కొట్లో 30 గుడ్ల అట్ట తెచ్చి, ఒక ఆదివారం పొద్దున్న పరీక్ష పెట్టా. మన చుట్టూ నూజివీడు, గన్నవరం వైపు కోళ్ల ఫారాలు ఉన్నాయి, విజయవాడ గుడ్డు రేటు రోజూ పేపర్లో పడుతుంది. గుడ్లకి కొరత లేని ఊళ్లో ఆ మాత్రం ప్రయోగం చేయొచ్చు.

మూడు గిన్నెలు, ఒక్కోదాంట్లో రెండు గుడ్లు. మొదటి గిన్నెలో పావు టీస్పూన్‌లో సగం ఉప్పు వేసి కలిపి పావుగంట పక్కన పెట్టా. రెండో గిన్నెలో అంతే ఉప్పు, పెనం మీద పోసే ముందు. మూడో దానికి దించేశాక పైన చల్లా. మంట, పెనం, వెన్న అన్నీ ఒకటే. మూడింటినీ వేరువేరు ప్లేట్లలో పెట్టి ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేశా.

చివర్లో ఉప్పు వేసిన ప్లేటులో అంచున నీళ్లు చేరాయి. అరచెంచాకి తక్కువ ఉండవు. రెండోదాంట్లో కొంచెం తడి. పావుగంట నానినదాంట్లో ప్లేటు పొడిగా ఉంది, గుడ్డు మాత్రం నిగనిగలాడుతోంది. తాతయ్యకి ఏది ఏదో చెప్పకుండా మూడూ ఇచ్చా. మొదటిది పూర్తిగా తినేసి, “ఇదే చెయ్యి. మిగతావి మీ నాన్నకి పెట్టు” అన్నారు.

కారణం ఇది. ఉప్పు గుడ్డులో కరిగి అంతటా పాకినప్పుడు, ప్రోటీన్లు ఒకదాన్నొకటి నెట్టుకునే శక్తి తగ్గుతుంది. దాంతో వేడి తగిలినప్పుడు అవి పూర్తిగా విప్పుకోకముందే దగ్గరవుతాయి. సగం విప్పుకున్న ఉండలు గట్టిగా పెనవేసుకోలేవు కదా, అందుకని వల వదులుగానే ఉండి నీళ్లు వదలదు. అయితే ఉప్పు పాకడానికి టైమ్ కావాలి. పోసే ముందు వేస్తే ఆ టైమ్ ఉండదు, దించాక వేస్తే వల అప్పటికే అల్లుకుపోయి ఉంటుంది. ముందే ఉప్పు వేస్తే గుడ్డు పల్చనవుతుందన్న మాట మాత్రం నిజమే. పావుగంట తర్వాత చూస్తే రంగు ముదిరి నారింజలా అవుతుంది, చిక్కదనం తగ్గి ఎంతోకొంత పారదర్శకంగా కనిపిస్తుంది. అమ్మమ్మ చూసి “పాడైపోయిందే, పారబొయ్యి” అంది. పాడవలేదు, ఉప్పు పని చేసిందనడానికి గుర్తు అదే. పచ్చిగా ఉన్నప్పుడు పల్చబడేదే ఉడికాక నీళ్లు వదలకుండా ఉంటుంది. అక్కడే చాలామంది పొరబడ్డారని నా అభిప్రాయం. మా అమ్మతో సహా.

ఇక గిలక్కొట్టడం. బండి దగ్గర గ్లాసులో చెంచా ఆడించే ఆ స్పీడు చూస్తే ముచ్చటేస్తుంది. దానికీ ఒక అర్థం ఉంది. గాలి బుడగలు లోపలికి వెళ్లి, పెనం మీద ఆ గాలీ, నీటి ఆవిరీ ఉబ్బి ఆమ్లెట్ పొంగుతుంది. కానీ నురగ ఎక్కువ కాలం నిలవదు. కొట్టి పక్కన పెడితే ఐదారు నిమిషాల్లో కూర్చుంటుంది. ఉప్పేమో పావుగంట నానాలి, నురగేమో అప్పటికప్పుడు ఉండాలి. రెండూ కుదరవని ఒక రోజంతా తల పట్టుకున్నా. తీరా చూస్తే చాలా సులువు, రెండుసార్లు కొట్టడమే. మొదట ఉప్పు వేసి తెల్లసొన తీగలు కనబడకుండా కలిసేదాకా ఫోర్క్‌తో కొట్టాలి, నురగ అక్కర్లేదు. తీగలు మిగిలితే ఉడికాక అక్కడక్కడా తెల్లటి గట్టి ముక్కలు తగులుతాయి, చిగుళ్లకి గుచ్చుకునేవి అవే. పావుగంట తర్వాత, వెన్న కరుగుతుండగా, మళ్లీ అర నిమిషం గట్టిగా కొట్టి వెంటనే పోసేయాలి. మెత్తదనం ఉప్పు నుంచి, పొంగు రెండోసారి కొట్టిన దాని నుంచి వస్తాయి.

పాలు పోయొచ్చా అని అడుగుతారు. రెండు గుడ్లకి ఒక పెద్ద చెంచా వరకు పర్వాలేదు. అంతకు మించితే ఆ వల పట్టుకోలేనంత నీరు చేరి మళ్లీ ప్లేటులోకే వస్తుంది. నేను మానేశా.

ఇప్పుడు తాతయ్య ప్లేటు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చెప్తా. ఆయన పేపరు చదవడం మొదలుపెట్టగానే రెండు గుడ్లు, పావు టీస్పూన్‌లో సగం ఉప్పు కలిపి పక్కన పెడతా. సినిమా పేజీకి వచ్చేసరికి పావుగంట అవుతుంది. చిన్న బర్నర్ సిమ్‌లో పెట్టి, వెన్న నురగలు కట్టగానే గుడ్డు మళ్లీ కొట్టి పోస్తా. పది సెకన్లు కదపను. అడుగున పల్చటి పొర కట్టాక రబ్బరు గరిటెతో అంచుల నుంచి మధ్యలోకి నెమ్మదిగా లాగుతా, ఖాళీ అయిన చోటికి పచ్చిది జారుతుంది. గబగబా తిప్పితే సన్నటి రవ్వలా అవుతుంది, నెమ్మదిగా లాగితే పెద్ద మెత్తటి మడతలు వస్తాయి. అలా లాగుతూ ఉంటే మొత్తం రెండున్నర, మూడు నిమిషాలు. పారే ద్రవం ఎక్కడా లేదు కానీ పైన ఇంకా తడి మెరుపు ఉంది అనగానే స్టవ్ కట్టేస్తా. ముప్పావు నిమిషం అదే పెనంలో ఉంచితే మిగిలిన వేడికే ఆ మెరుపు కూడా తగ్గి లోపలంతా ఉడికిపోతుంది. చెంచాతో ఒక మడత విప్పి చూస్తా, లోపల పచ్చిగా జారితే ఇంకో పావు నిమిషం ఉంచుతా. పెద్దవాళ్లకి కాబట్టి ఈ ఒక్కదాంట్లో మొహమాటం లేదు. మీ కోసమే అయితే మెరుపు ఉండగానే ప్లేటులోకి తీసేయండి, ప్లేటులో కూడా ఉడుకుతూనే ఉంటుంది.

ఆమ్లెట్ కావాలంటే అడుగు గట్టిపడేదాకా ఇదే వరస. మొదటి అర నిమిషం మడతలు లాగి, పెనం వంచి పచ్చిదాన్ని అంచులకి పరిచి, మూత పెట్టి సిమ్‌లో ఒక నిమిషం. పైన ఆవిరికి ఉడుకుతుంది కాబట్టి తిరగెయ్యక్కర్లేదు. సగానికి మడిచి తీస్తే అడుగున లేత పసుపు ఉంటుంది, ఒక్క మచ్చ కూడా ఉండదు. ఫ్రెంచివాళ్లు ఆమ్లెట్ మీద రంగు రాకుండా చూసుకునేది ఇందుకే. మనకి చూడగానే పచ్చిగా ఉందేమో అనిపిస్తుంది. తాతయ్య కూడా మొదటి రోజు ఫోర్క్‌తో పొడిచి చూశారు.

ఉల్లిపాయ సంగతి వేరే. మన పొరటులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి లేకపోతే అమ్మమ్మ దాన్ని పొరటు అని ఒప్పుకోదు. చిక్కు ఎక్కడంటే, ఉల్లిపాయ వేగడానికి మూకుడు బాగా కాలాలి, అదే మూకుట్లో గుడ్డు కొట్టి పోస్తాం. అక్కడే నాశనం. ఉల్లిపాయ వేగాక స్టవ్ కట్టేసి, మూకుడు ఒక నిమిషంన్నర చల్లారనిచ్చి, అప్పుడు ఉప్పు నానిన గుడ్డు పోసి, మళ్లీ సిమ్‌లో వెలిగించాలి. ఉల్లిపాయ పచ్చిగా వేస్తే దాని నీళ్లు గుడ్డులోకి దిగి, మనం ఇంత కష్టపడి ఆపిన నీళ్లు వేరే దారిలో వచ్చేస్తాయి. టమాటా అయితే ఇంకా ఎక్కువ నీళ్లు, అది ఇగిరేదాకా వేయించాల్సిందే. నానిన గుడ్డులో ఉప్పు ఉంది కాబట్టి ఉల్లిపాయలో మళ్లీ వేయకండి. నేను ఒకసారి వేసి, ఆ పూట అందరం మజ్జిగ తాగి బతికాం.

గుడ్డు పాతబడితే ఇవేవీ పూర్తిగా పని చేయవు. మే నెలలో మన ఊరి ఎండ సంగతి తెలుసు కదా, కొట్లో బయట అట్టల్లో ఉన్న గుడ్లు వారానికే ముసలివైపోతాయి. పగలగొడితే తెల్లసొన నీళ్లలా పాకుతుంది, పచ్చసొన ఉబ్బెత్తుగా నిలబడకుండా చదునుగా పడుతుంది. పెంకు మీద ఉండగానే చూడాలంటే గ్లాసు నీళ్లలో వేయండి. అడుగున పడుకుంటే తాజా, నిలువుగా నిలబడితే పాతబడింది, పైకి తేలితే పారేయండి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లోనే పెట్టండి.

ఇంత చదివాక బండి ఆమ్లెట్ తప్పని నేను అన్నానని అనుకోకండి. రాత్రి పదింటికి బ్రెడ్డు మధ్యలో పెట్టిచ్చే ఆ కరకరలాడే అంచులు సిమ్‌లో ఎప్పటికీ రావు. అక్కడ కావాల్సింది పెద్ద మంటే, ఉప్పు అప్పటికప్పుడు వేసినా ఫర్వాలేదు, నమలడమే అక్కడ సరదా. పళ్లు ఉన్నవాళ్లు తినే ఆమ్లెట్ అది.

తాతయ్య పోయిన వారం పామర్రు వెళ్లిపోయారు. ఉన్నన్నాళ్లూ రోజుకి రెండు గుడ్లు మిగల్చకుండా తిన్నారు. బస్సు ఎక్కే ముందు అమ్మమ్మకి అంతా నేర్పించి, నాన్‌స్టిక్ పెనం కూడా సంచీలో పెట్టి పంపా. మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి ఫోన్.

“ఏమే, ఉప్పేసి పావుగంట అయిందే. మీ తాతయ్య స్నానానికెళ్లి ఇంకా రాలేదు. ఇదేమో నీళ్లలా అయిపోతోంది. పోసేయనా, పారబోయనా?”

“రెండూ వద్దమ్మమ్మా. ఫ్రిజ్‌లో పెట్టు. తాతయ్య వచ్చి కూర్చున్నాక తీసి, ఇంకోసారి గిలక్కొట్టి పొయ్యి.”

“పెద్ద మంట మీదేగా?”